యంగ్ గుణకం లెక్కలో తప్పును ప్రమాణాలతో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: సార్‌కు నమస్కారం. నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. భౌతికశాస్త్రం ల్యాబ్‌లో చెక్క మీటరు స్కేలుకు నాన్ యూనిఫాం బెండింగ్ పద్ధతిలో యంగ్ గుణకం కనుక్కునే ప్రయోగం చేశాను. నైఫ్ ఎడ్జ్‌ల మధ్య దూరం 70 సెం.మీ., స్కేలు వెడల్పు 2.5 సెం.మీ., మందం 5.6 మి.మీ., 200 గ్రాముల బరువుకు మధ్యలో స్కేలు 0.38 సెం.మీ. కిందికి దిగింది. హ్యాండౌట్‌లో సూత్రం Y = MgL³/4bd³δ అని ఉంది. లెక్క చేస్తే 1.03 × 10⁵ న్యూటన్/మీటరు² వచ్చింది. మా లెక్చరర్ గారు "యూనిట్లు చూసుకో" అని మాత్రం అని రికార్డు వెనక్కి ఇచ్చారు. యూనిట్ సరిగ్గానే రాశాను కదా? హ్యాండౌట్ మొదటి పేజీలో మితుల పట్టిక ఉంది. దాన్ని పరీక్షలో జవాబు రాయడానికి చదువుకున్నాను తప్ప, చివరి జవాబు తప్పని తెలుసుకోవడానికి ఎలా వాడాలో తెలియదు. దయచేసి వివరించండి.
— ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: అమ్మా, జవాబు ఒక్కటే కాకుండా రీడింగులు కూడా పంపి మంచి పని చేశావు. అవి ఉన్నందువల్లనే నీవు చేసిన లెక్కను నేను మళ్ళీ చేసి చూడగలిగాను. నీ రీడింగుల్లో నాకు దోషమేమీ కనిపించలేదు. వాటిని సూత్రంలో పెట్టిన తీరులో మాత్రం రెండు వేర్వేరు పొరపాట్లు ఉన్నాయి. రెండింటినీ హ్యాండౌట్ సాయంతోనే పట్టుకోవచ్చు గాని, రెండూ ఒకే దారిలో దొరకవు. ఒకటి మితుల దగ్గర దొరుకుతుంది, రెండవది మితులను దాటిపోయి ప్రమాణాల దగ్గర దొరుకుతుంది.

యూనిట్ సరిగ్గానే రాశానని నీవు అన్నదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మన కళాశాలల్లో ఇచ్చే హ్యాండౌట్లలో చాలావాటికి చివరి పంక్తిలో "Y = ............ న్యూటన్/మీటరు²" అని ముందుగానే అచ్చువేసి ఉంటుంది, విద్యార్థి చుక్కల మీద అంకె నింపుతాడు. ఆ అచ్చులో ఉన్న ప్రమాణం సరైన జవాబుకు ఉండవలసిన ప్రమాణం. నీవు చేసిన గుణకార భాగహారాల నుండి ఏ ప్రమాణం బయటికి వచ్చిందో దానికి తెలియదు. నీ అంకె కింద ఆ ప్రమాణాన్ని చేర్చడం వల్ల లెక్కకు ఏ పరీక్షా జరగలేదు. అందుచేత ఇకపై లెక్క మొదలుపెట్టేటప్పుడు ఆ ముద్రించిన ప్రమాణాన్ని ఒక కాగితం ముక్కతో కప్పి ఉంచు. లెక్కలోకి వెళ్ళే ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాసి, అంకెలను ఎలా గుణించి భాగిస్తావో ప్రమాణాలను కూడా అలాగే గుణించి భాగించి, చివరికి మిగిలినదాన్ని చూసిన తరువాతే కాగితం తీయాలి.

ఇక్కడ మితికీ ప్రమాణానికీ ఉన్న తేడాను ఒకసారి స్థిరపరచుకుందాం. మీటరు, సెంటీమీటరు, మిల్లీమీటరు అనేవి మూడు ప్రమాణాలు, కాని మూడింటికీ మితి ఒక్కటే, పొడవు. ఒక సమీకరణంలో ఎడమవైపు, కుడివైపు ఉన్న మితులు తప్పనిసరిగా ఒకటే కావాలనే నియమాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో స్పష్టంగా చెప్పాడు. నీ హ్యాండౌట్ మొదటి పేజీలోని పట్టికకు ఆధారం అదే. ఈ నియమం ఏదైనా రాశి తప్పిపోతే చెబుతుంది, అధికంగా చేరితే చెబుతుంది, ఘాతం తప్పితే చెబుతుంది. మీటరు ఉండవలసిన చోట మిల్లీమీటరు ఉంటే మాత్రం చెప్పలేదు, ఎందుకంటే దాని దృష్టిలో రెండూ పొడవులే.

మొదట సూత్రాన్నే పరీక్షిద్దాం, అంకెల జోలికి పోకుండా. యంగ్ గుణకం అంటే ప్రతిబలాన్ని వికృతితో భాగించగా వచ్చేది. వికృతి అనేది పొడవులోని మార్పుకూ అసలు పొడవుకూ ఉన్న నిష్పత్తి కనుక దానికి మితి లేదు. ప్రతిబలం అంటే వైశాల్యం మీద బలం. బలం మితి M L T⁻², దాన్ని L² తో భాగిస్తే M L⁻¹ T⁻² వస్తుంది. పట్టికలో యంగ్ గుణకం ఎదురుగా ఉన్నది ఇదే. ఇప్పుడు సూత్రం కుడివైపు చూడు. పైన Mg ఉంది, అది బలం, అంటే M L T⁻². దానిని L³ తో గుణిస్తే M L⁴ T⁻² అవుతుంది. కింద b ఒక పొడవు, d³ మూడు పొడవులు, δ ఒక పొడవు, మొత్తం L⁵. భాగిస్తే M L⁻¹ T⁻² మిగులుతుంది. రెండు వైపులా సరిపోయాయి కనుక సూత్రం మితుల దృష్ట్యా సరిగానే ఉంది.

సూత్రం హ్యాండౌట్‌లోనే ఇచ్చినప్పుడు ఈ పని వృథా అనుకోవద్దు. జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాగితాల్లో ముందుగా చెరిగిపోయేవి చిన్న అక్షరాలు, అంటే ఘాతాలు. d³ లోని 3 సగం చెరిగి 2 లాగా కనిపిస్తే, కింద L⁵ కు బదులు L⁴ మాత్రమే ఉండి, జవాబుకు న్యూటన్/మీటరు² కాకుండా న్యూటన్/మీటరు వస్తుంది. అలా వచ్చినప్పుడు ఛేదంలో ఒక పొడవు తక్కువైందని తెలుస్తుంది. ఆ పొడవు b దా, d దా, δ దా అన్నది మాత్రం మితులు చెప్పలేవు, దానికి సూత్రం ఎలా వచ్చిందో నోట్సులో చూసుకోవాలి.

సూత్రం సరైనదే కనుక, ఇక నీవు అందులో అంకెలు పెట్టిన తీరు చూద్దాం. నీ జవాబు ఏ లెక్క వల్ల వస్తుందా అని వెనక్కి వెళ్ళి చూస్తే, 200ను 70 ఘనంతో గుణించి, 4, 2.5, 5.6 ఘనం, 0.38 అనే నాలుగింటి లబ్ధంతో భాగిస్తే సరిగ్గా 1.028 × 10⁵ వచ్చింది. నీవు చేసిన లెక్క ఇదేనని నా నమ్మకం. దాన్నే ప్రమాణాలతో సహా రాస్తే ఇలా ఉంటుంది:

Y = [200 g × (70 cm)³] / [4 × 2.5 cm × (5.6 mm)³ × 0.38 cm]

ప్రమాణాలను మాత్రం విడిగా తీస్తే,

g × cm³ / (cm × mm³ × cm) = g·cm/mm³

కాగితం తీసి ముద్రించిన ప్రమాణాన్ని దీని పక్కన పెట్టు. న్యూటన్/మీటరు² అంటే kg·m⁻¹·s⁻². అందులో సెకను ఉంది, నీకు వచ్చినదానిలో సెకను ఎక్కడా లేదు. గ్రాములను కిలోగ్రాములుగా, మిల్లీమీటర్లను మీటర్లుగా ఎన్ని విధాల మార్చినా సెకను పుట్టదు. కాబట్టి ఇది దశాంశ స్థానం తప్పడం వల్ల వచ్చిన తేడా కాదని, లెక్కలోకి రావలసిన ఒక రాశి రానేలేదని ఈ ఒక్క చూపులో తేలిపోతుంది. సూత్రంలో సెకను కలిగిన రాశి ఏది? M కు లేదు, L, b, d, δ లకు లేదు. ఉన్నది గురుత్వ త్వరణం g కు ఒక్కదానికే. నీవు వదిలేసినది దానినే.

ఇది ఎందుకు జరిగిందో కూడా ఊహించగలను. సూత్రంలో M పక్కన g ఉంది. గ్రాముకు కూడా g అనే రాస్తారు. మంచి అచ్చులో గురుత్వ త్వరణాన్ని వాలు అక్షరంతోనూ గ్రామును నిలువు అక్షరంతోనూ వేస్తారు గాని, హ్యాండౌట్లలో ఆ తేడా ఉండదు. Mg అని చూడగానే "ద్రవ్యరాశి, గ్రాములలో" అని చదువుకుని, 200 గ్రాములు పెట్టి ముందుకు పోవడం చాలా మంది విద్యార్థులు చేసే పనే. సూత్రాన్ని రికార్డులోకి ఎత్తి రాసుకునేటప్పుడు దాని కింద ప్రతి అక్షరానికీ అర్థం, ప్రమాణం రాసుకుంటే ఈ ప్రమాదం ఉండదు.

ఇప్పుడు చెప్పబోయే పద్ధతి మీద కాస్త శ్రద్ధ పెట్టు, పట్టిక వల్ల వచ్చే అసలు ప్రయోజనం ఇందులోనే ఉందని నా అభిప్రాయం. మితులు సరిపోలేదని తెలిసినప్పుడు చాలా మంది "తప్పు" అని రాసి లెక్కంతా మొదటి నుండి చేస్తారు. అలా చేయనవసరం లేదు. రావలసిన మితిని వచ్చిన మితితో భాగించు. భాగించగా మిగిలేది, తప్పిపోయిన రాశి మితి. నీ విషయంలో రావలసినది M L⁻¹ T⁻². వచ్చినది, పైన M L³, కింద L⁵, అంటే M L⁻². భాగిస్తే,

(M L⁻¹ T⁻²) / (M L⁻²) = L T⁻²

L T⁻² అంటే త్వరణం. సూత్రంలో త్వరణం ఒకటే ఉంది కనుక తప్పు ఎక్కడుందో వెతకవలసిన పని కూడా లేదు.

ఇదే భాగహారం మరొక రకం పొరపాటును కూడా గుర్తుపట్టి ఇస్తుంది. ఈ ప్రయోగంలోనే కొందరు లెక్చరర్లు సగటు తీయించకుండా గ్రాఫు గీయమంటారు. అప్పుడు సూత్రంలో M/δ బదులు గ్రాఫు వాలు పెట్టాలి. M ను నిలువు అక్షం మీద, δ ను అడ్డ అక్షం మీద తీసుకుంటే వాలు M/δ అవుతుంది, దాని ప్రమాణం కిలోగ్రాము/మీటరు. అక్షాలు తారుమారైతే వాలు δ/M అవుతుంది, ప్రమాణం మీటరు/కిలోగ్రాము. ఆ వాలును చూసుకోకుండా సూత్రంలో పెడితే జవాబుకు M⁻¹ L T⁻² అనే మితి వస్తుంది, కిలోగ్రాము ఛేదంలోకి దిగిపోతుంది. రావలసినదాన్ని దీనితో భాగిస్తే M² L⁻² మిగులుతుంది, అంటే M/L కు వర్గం. ఒక రాశిని వదిలేస్తే శేషంలో ఆ రాశి ఒకసారి కనిపిస్తుంది, దానిని తలకిందులుగా పెడితే రెండుసార్లు కనిపిస్తుంది. ఎందుకంటే తలకిందులైన రాశిని సరిదిద్దాలంటే ఒకసారి దాన్ని రద్దు చేయడానికి గుణించాలి, రెండవసారి దాని సరైన చోట నిలపడానికి గుణించాలి. కనుక శేషం ఏదైనా రాశికి వర్గంలా కనబడితే, ఆ రాశిని తిరగేసి పెట్టావేమో చూసుకో.

ఇక రెండవ పొరపాటు. నీవు g ను చేర్చి లెక్క మళ్ళీ చేశావనుకో. మితులు సరిపోతాయి. హ్యాండౌట్ పట్టికకు ఇక చెప్పవలసినదేమీ ఉండదు. అయినా జవాబు తప్పే, ఎందుకంటే నీ లెక్కలో పొడవు, వెడల్పు, దిగిన దూరం సెంటీమీటర్లలో ఉంటే మందం మాత్రం మిల్లీమీటర్లలో ఉంది. ఇది నీ అజాగ్రత్త వల్ల మాత్రమే జరిగిందని అనను. పరికరాల స్వభావం అలాంటిది. వెడల్పును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుస్తాం, దాని ప్రధాన స్కేలు మీద అంకెలు సెంటీమీటర్లలో ఉంటాయి. దిగిన దూరాన్ని ట్రావెలింగ్ మైక్రోస్కోపుతో చూస్తాం, అదీ సెంటీమీటర్లే. మందాన్ని స్క్రూగేజితో కొలుస్తాం, అది మిల్లీమీటర్లలో చదువుతుంది. బరువుల మీద గ్రాములు చెక్కి ఉంటాయి. అబ్జర్వేషన్ పట్టికల్లో ప్రతి పరికరం ఇచ్చిన ప్రమాణంలోనే రీడింగు రాయడం సరైన పద్ధతే. అయితే పట్టిక నుండి లెక్కలోకి తెచ్చుకునే క్షణంలో వాటన్నిటినీ ఒకే వ్యవస్థలోకి మార్చాలి.

నీ లెక్క చివర మిగిలిన g·cm/mm³ అనే ప్రమాణాన్ని మళ్ళీ చూడు. సెంటీమీటరు, మిల్లీమీటరు పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి కొట్టివేయబడకుండా నిలిచి ఉన్నాయి. ఇలా రెండు రకాల పొడవు ప్రమాణాలు ఒకే పంక్తిలో మిగిలితే, మార్పిడి ఇంకా జరగలేదని అర్థం. వేరు వేరు అంకెలను మార్చకుండా ఈ దశలో కూడా దీన్ని సరిచేయవచ్చు. 1 mm³ అంటే 10⁻³ cm³ కనుక ఒక cm/mm³ అంటే 1000 cm⁻² అవుతుంది. అప్పుడు నీ 1.028 × 10⁵ కాస్తా 1.028 × 10⁸ g/cm² అవుతుంది. దాన్ని గురుత్వ త్వరణం 980 cm/s² తో గుణిస్తే 1.007 × 10¹¹ g·cm⁻¹·s⁻² వస్తుంది. ఇది సి.జి.ఎస్. వ్యవస్థలో డైన్/సెం.మీ². ఒక న్యూటన్/మీటరు² అంటే 10 డైన్/సెం.మీ² కనుక, ఎస్.ఐ. వ్యవస్థలో 1.007 × 10¹⁰ న్యూటన్/మీటరు². నీవు తీసుకున్న రీడింగుల నుండి రావలసిన జవాబు ఇది. నీవు పారేయవలసిన రీడింగు ఒక్కటి కూడా లేదు.

రికార్డులో మాత్రం మొదటి నుండి ఎస్.ఐ. లోనే చేసి చూపించు. మార్పిడులన్నీ లెక్కకు ముందే ఒక చోట రాసుకుంటే, M = 0.200 kg, L = 0.700 m, b = 0.0250 m, d = 5.60 × 10⁻³ m, δ = 3.80 × 10⁻³ m, g = 9.8 m/s². అప్పుడు లవం 0.2 × 9.8 × 0.343, అంటే 0.672, దాని ప్రమాణం N·m³. ఛేదంలో d³ విలువ 1.756 × 10⁻⁷ m³, మొత్తం ఛేదం 6.67 × 10⁻¹¹, దాని ప్రమాణం m⁵. భాగిస్తే 1.01 × 10¹⁰ N/m². ఇక్కడ న్యూటన్/మీటరు² అనే మాట N·m³ ను m⁵ తో భాగించగా దానంతట అదే వచ్చింది. ఇప్పుడు కాగితం తీసి చూస్తే ముద్రించినదీ, వచ్చినదీ ఒకటే.

మిల్లీమీటరు, సెంటీమీటరు కలిసిపోవడం మందం దగ్గర జరిగినప్పుడు ఎందుకంత ప్రమాదమో కూడా గమనించు. d ఘనంలో ఉంది. పది రెట్ల తేడా ఘనంలో వెయ్యి రెట్లవుతుంది. అదే తప్పు వెడల్పు దగ్గరగాని దిగిన దూరం దగ్గరగాని జరిగితే జవాబు పది రెట్లు మాత్రమే మారుతుంది. మితులు సరిపోయి, అంకె మాత్రం స్నేహితురాళ్ళ జవాబులకు సరిగ్గా వెయ్యి రెట్లు ఎక్కువగానో తక్కువగానో ఉంటే ముందుగా d, L ల మార్పిడిని, ఆ తరువాత గ్రాము, కిలోగ్రాముల మార్పిడిని చూడు. పది రెట్లే తేడా ఉంటే b, δ లను చూడు, అవి కూడా సరిగ్గా ఉంటే సి.జి.ఎస్. జవాబు కింద ఎస్.ఐ. ప్రమాణం రాశావేమో చూడు. ఈ చివరిది మోసకారి తప్పు. పైన వచ్చిన 1.007 × 10¹¹ ను నేరుగా న్యూటన్/మీటరు² అని రాసి ఉంటే, ఆ విలువ ఇత్తడి యంగ్ గుణకానికి దగ్గరగా ఉంటుంది. పరీక్షలో ఇచ్చినది చెక్క స్కేలు కాకుండా ఏదో ఒక లోహపు పట్టీ అయితే ఆ అంకెను చూసి అనుమానించడానికి ఎవరికీ కారణం దొరకదు. ప్రమాణాన్ని వెంట తీసుకొచ్చినవారికి మాత్రమే అది డైన్/సెం.మీ² అని కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినది చదివి, ప్రమాణం సరిపోతే జవాబు సరైనదే అన్న నిర్ణయానికి మాత్రం రావద్దు. ప్రమాణం సరిపోకపోతే జవాబు తప్పని నిశ్చయంగా చెప్పవచ్చు. సరిపోయినంత మాత్రాన ఒప్పని చెప్పలేం. ఈ సూత్రంలోనే పట్టికకు కనిపించని తప్పులు మూడు ఉన్నాయి. మొదటిది 4 అనే అంకె. దానికి మితి లేదు, కాబట్టి అది జారిపోయినా, 2 అయినా ప్రమాణంలో ఏ మార్పూ రాదు. రెండవది, యూనిఫాం బెండింగ్ సూత్రంతో గందరగోళం. ఆ ప్రయోగంలో బరువులు రెండు చివరలా వేలాడతాయి, స్కేలు మధ్య భాగం పైకి లేస్తుంది, సూత్రం Y = 3MgxL²/2bd³δ. అక్కడ x అంటే నైఫ్ ఎడ్జ్ నుండి బరువు వేలాడే చోటికి ఉన్న దూరం, δ అంటే మధ్యలో లేచిన ఎత్తు. xL² కూడా మూడు పొడవుల లబ్ధమే కనుక, ఒక ప్రయోగం చేసి మరొక ప్రయోగం సూత్రం వాడినా మితులు చక్కగా సరిపోతాయి. x ను మరచిపోతే మాత్రం శేషంగా ఒక పొడవు మిగిలి దొరికిపోతావు.

మూడవది b, d లు తారుమారు కావడం, అంటే d ఉండవలసిన చోట b పెట్టి దాన్ని ఘనం చేయడం. రెండూ పొడవులే కనుక న్యూటన్/మీటరు² అనే వస్తుంది, అన్నీ మీటర్లలో పెట్టి ఉంటే ప్రమాణాల పంక్తిలో కూడా లోపం ఉండదు. నీ రీడింగులతో అలా చేసి చూశాను, 5.05 × 10⁸ వచ్చింది, అసలు విలువలో ఇరవయ్యవ వంతు. దీన్ని పట్టుకోవడానికి వస్తువు ప్రవర్తన గురించి ఆలోచించాలి. మన ప్రాంతంలో అటకలకు, అరలకు కడప బండలు వేయడం అందరికీ తెలిసినదే. అదే బండను రెండు గోడల మీద పరుపుగా పరిస్తే మధ్యలో బరువుకు వంగి విరిగే భయం ఉంటుంది, అంచు మీద నిలబెట్టి ఉంచితే అంత బరువుకు చలించదు. అంటే బరువు లాగే దిశలో, నిలువుగా ఉన్న కొలత ఏదో దాని ప్రభావమే ఎక్కువ. స్కేలు నైఫ్ ఎడ్జ్‌ల మీద పరుపుగా ఉన్నప్పుడు నిలువుగా ఉన్న కొలత మందం, స్క్రూగేజితో కొలిచినది. ఘనం దానికే చెందాలి. అక్షరాలను బట్టి కాకుండా స్కేలును చూసి ఇది నిర్ణయించుకుంటే, b, d లను తారుమారుగా నిర్వచించిన హ్యాండౌట్ చేతికి వచ్చినా నీవు పొరపడవు.

మితులకు దొరకని ఈ తప్పులన్నిటికీ ఉపయోగపడే పని ఒకటి ఉంది. వచ్చిన విలువను ఆ పదార్థానికి సాధారణంగా ఉండే విలువతో పోల్చు. స్కేళ్ళకు వాడే చెక్కకు పీచు వెంబడి యంగ్ గుణకం 10¹⁰ న్యూటన్/మీటరు² ప్రాంతంలో ఉంటుంది, ఉక్కుకు సుమారు 2 × 10¹¹. అంకెలు గుర్తు లేకపోతే, వచ్చిన విలువను సూత్రంలో తిరిగి పెట్టి δ ఎంత రావాలో చూడు. నీవు రాసిన 1.03 × 10⁵ న్యూటన్/మీటరు² నిజమైతే, ఇదే 200 గ్రాములకు నీ స్కేలు మధ్యభాగం సుమారు 370 మీటర్లు కిందికి దిగాలి. అంత వంపుకు ఈ సూత్రం వర్తించదన్న మాట నిజమే గాని, మీటరు పొడవున్న స్కేలుకు అలాంటి జవాబు వస్తే గుణకం ఎంత దూరం తప్పిందో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఈ పోలిక 4 బదులు 2 పడిన తప్పును పట్టలేకపోవచ్చు, ఎందుకంటే చెక్కలో రకాన్ని బట్టి రెండు రెట్ల తేడా ఉండడం అసాధ్యం కాదు. ఆ అంకె కోసం నోట్సులో సూత్రాన్ని రాబట్టిన పేజీ చూడడం తప్ప దగ్గరి దారి లేదు.

ఈ ఏడాదే నీవు స్పెక్ట్రోమీటరుతో పట్టకం వక్రీభవన గుణకం కనుక్కునే ప్రయోగం కూడా చేస్తే, అక్కడ పట్టికను నమ్ముకోవద్దు. సైన్‌ను సైన్‌తో భాగించడమే కనుక ప్రమాణమే ఉండదు. కాలిక్యులేటర్ డిగ్రీలకు బదులు రేడియన్లలో ఉన్నా ప్రమాణాల పంక్తి మౌనంగానే ఉంటుంది. అక్కడ ముందుగా sin 30 నొక్కి 0.5 వస్తుందో లేదో చూసుకుని మొదలుపెట్టు.

రికార్డు తిరిగి ఇచ్చేటప్పుడు పాత లెక్కను చెరిపివేయవద్దు. దాని మీద ఒక గీత గీసి, పక్కన g·cm/mm³ అని రాసి, "సెకను లేదు, g చేర్చలేదు, d మి.మీ. లలో ఉంది" అని ఒక్క పంక్తి పెట్టు. దాని కింద ఎస్.ఐ. లెక్కను ప్రతి అంకె పక్కనా ప్రమాణంతో చేసి, చివరి విలువను 1.01 × 10¹⁰ న్యూటన్/మీటరు² అని మూడు సార్థక అంకెలకు రాయి. నీ పరికరాల కనీసపు కొలతలను బట్టి చూస్తే అంతకంటే ఎక్కువ అంకెలు రాయడానికి ఆధారం లేదు, కాలిక్యులేటర్ తెర మీద పది అంకెలు కనిపించినా సరే.